ఏటవాలు శ్లాబు కింద వార్డ్‌రోబు: మేస్త్రికి రాసిన ఉత్తరం

మేడ మీద గదికి ఏటవాలు శ్లాబు పోసి, దానిమీద పెంకులు పరిచిన ఇళ్ళు విశాఖలోనూ హైదరాబాదు శివార్లలోనూ చాలానే కనిపిస్తున్నాయి. బయటి నుంచి చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఆ గదిలో వార్డ్‌రోబు చేయించాల్సి వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. చదును కప్పు కింద అయితే వెడల్పు, ఎత్తు, లోతు అని మూడు అంకెలు చెబితే మేస్త్రి పని మొదలుపెట్టేస్తాడు. ఏటవాలు కింద ఎత్తు అనేది ఒక అంకె కాదు. గోడ వెంట అడుగు జరిగితే మారిపోతుంది. ఎక్కడ నిలబడి కొలిచామన్నది రాయకపోతే ఆ అంకెకు విలువే లేదు.

విశాఖలో మా మేడ గది సంగతే చెబుతాను. వార్డ్‌రోబు రావాల్సిన గోడ పొడవు 2400 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిది అడుగులకు అంగుళంన్నర తక్కువ. దానికి రెండు వైపులా గోడలున్నాయి. ఎడమ చివర కప్పు దాదాపు 2700 ఎత్తులో ఉంది, కుడి చివరికి వచ్చేసరికి 1900కి దిగిపోయింది. గోడ నుంచి గది మధ్యలోకి నడిస్తే మాత్రం కప్పు దిగదు. వాలు ఎడమ నుంచి కుడికే. ఇది ముందే తేల్చుకోవాల్సిన సంగతి. వాలు గోడ వెంబడి ఉంటే పలకలు కోసే పద్ధతి ఒకటి, గోడ నుంచి గదిలోకి వాలితే పద్ధతి వేరు. మాది మొదటి రకం, కింద రాసిందంతా ఆ రకం గురించే.

ఇలాంటి పనికి నోటిమాట చాలదు. ప్లైవుడ్డు కోత వడ్రంగి షాపులో జరుగుతుంది, బిగింపు మన గదిలో జరుగుతుంది. షాపులో రంపం దగ్గర నిలబడ్డవాడికి మన కప్పు కనిపించదు, చేతిలో ఉన్న కాగితమే కనిపిస్తుంది. అందుకే మా మేస్త్రి గారికి ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. అందులో ఏ వాక్యం ఎందుకు రాశానో చెబితే, ఇలాంటి గది ఉన్నవాళ్ళు తమ అంకెలతో అలాంటిదే రాసుకోవచ్చు.

ఉత్తరం ఇలా మొదలవుతుంది:

"మేస్త్రి గారికి నమస్కారం. మేడ మీద గది వార్డ్‌రోబు కొలతలు ఇందులో రాస్తున్నాను. అన్నీ మిల్లీమీటర్లే. గోడ మీద పెన్సిల్‌తో గీసిన మట్టం గీత మనకు ఆధారం. ఎడమ మూలలో నేల అన్నిటికన్నా ఎత్తుగా ఉంది. ఆ గీత అక్కడి నుంచి 1000 పైన ఉంది. కుడి మూలకు వచ్చేసరికి నేల 6 దిగింది. కాబట్టి దయచేసి ఏ ఎత్తునూ నేల మీద టేపు ఆనించి కొలవొద్దు. గీత నుంచి పైకి కొలిచి, దానికి 1000 కలపండి."

మట్టం గీతకు పెద్ద పరికరం అక్కర్లేదు. నీళ్ళు నింపిన పారదర్శకపు ట్యూబు రెండు చివరలూ పట్టుకుని, నీటిమట్టం నిలిచినచోట రెండు గోడల మీదా గుర్తు పెట్టి, మధ్యలో రంగుదారం లాగి కొడితే చాలు. మేస్త్రుల దగ్గర లేజరు ఉంటే ఇంకా త్వరగా అయిపోతుంది. ఈ గీత లేకుండా నేల నుంచి కొలిస్తే, నేలలో ఉన్న ఒంపంతా కప్పు లెక్కలోకి చేరుతుంది. అప్పుడు కప్పు వంకరా, నేల వంకరా అని విడదీయడం ఎవరి తరమూ కాదు.

మిల్లీమీటర్లు అని గట్టిగా రాయడానికి కారణం ఉంది. మన వడ్రంగుల చేతికి అలవాటైన లెక్క అడుగులు, అంగుళాలు, నూళ్ళు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన. మంచాలకూ తలుపు చట్రాలకూ ఆ లెక్క హాయిగా సరిపోతుంది. ఈ పనిలో కొన్ని చోట్ల వదలగలిగిన తేడా ఒక్క మిల్లీమీటరే. నూలుకు సర్దితే ఆ తేడా అక్కడే ఖర్చయిపోతుంది. మేస్త్రి దగ్గరున్న టేపుకు రెండో అంచున మిల్లీమీటర్లు ఎలాగూ ఉంటాయి. అలాగే నేను కొలిచిన టేపునే ఆయనకూ ఇచ్చాను. టేపు కొక్కెం కొంచెం వంగినా, దాని రివెట్టు వదులైనా రెండు టేపులు రెండు మాటలు చెబుతాయి.

ఆ తర్వాత కప్పు కొలతలు. ఎడమ గోడ నుంచి ప్రతి 300 దగ్గరా ఒక గుర్తు పెట్టి, గోడకు ఆనుకుని ఒకసారి, వార్డ్‌రోబు ముందు అంచు వచ్చేచోట ఒకసారి కొలిచాను. రెండిట్లో తక్కువగా వచ్చిన అంకెను ఉత్తరంలో రాశాను:

"ఎడమ గోడ దగ్గర 2703. అక్కడి నుంచి వరుసగా ప్రతి 300కి: 2601, 2497, 2392, 2290, 2193, 2098, 2001. కుడి గోడ దగ్గర 1902."

ఈ తొమ్మిది అంకెల్లో ఒక సంగతి దాగి ఉంది. కప్పు అచ్చంగా తిన్నగా ఉంటే ప్రతి 300కి సరిగ్గా 100 దిగి 2700, 2600, 2500 అని రావాలి. రెండు చివరలా అంతకంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువే వచ్చింది. మధ్యలో, 1200 దగ్గర మాత్రం 2300 రావాల్సింది 2290 వచ్చింది. అంటే కప్పుకు మధ్యలో సెంటీమీటరు పొట్ట ఉంది. ఏటవాలు శ్లాబుకు కింద ప్లాస్టరింగు చేసేటప్పుడు ఇది సాధారణం. సెంట్రింగు రేకు కాస్త కుంగినా, సిమెంటు మందంగా పడినా కంటికి తెలియదు. గదిలో నిలబడి చూస్తే తిన్నగానే అనిపిస్తుంది. రెండు చివరలే కొలిచి వాటి మధ్య గీత గీసుకుని చెక్క కోస్తే, వార్డ్‌రోబు రెండు మూలలా సరిగ్గా పట్టి, మధ్యలో శ్లాబుకు తగిలి ఆగిపోతుంది. అప్పుడు అక్కడికక్కడ చేతిరంపంతో చెక్కడం తప్ప దారి ఉండదు. సన్మైకా అంటించిన పలకను అలా చెక్కితే అంచు పెచ్చులు లేస్తుంది.

అందుకని బాక్సుల పై గీతను కప్పును బట్టి కాకుండా, కప్పులో అన్నిటికన్నా కిందికి వచ్చినచోటును బట్టి నిర్ణయించాను. తిన్నని లెక్క గీత కంటే 25 కిందికి. పొట్ట ఉన్నచోట ఖాళీ 15 మిగులుతుంది, ఎడమ చివర 28 వస్తుంది. ఆ ఖాళీని తర్వాత ఒక పట్టీ మూసేస్తుంది. 15 కన్నా తక్కువ వదిలితే బిగించేటప్పుడు బాక్సును కదిల్చే చోటుండదు. మరీ 50, 60 వదిలితే పట్టీ వెడల్పై అతుకు వేసినట్టు కనిపిస్తుంది.

వాలును ఉత్తరంలో ఎలా చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. "వాలు 18.4 డిగ్రీలు" అని రాయవచ్చు. లెక్కకు అది తప్పు కాదు, కానీ పనికి పనికిరాదు. రంపం మీద కోణపు ముల్లు అర డిగ్రీ అటూ ఇటూ అయితే కంటికి తెలియదు. ఆ అర డిగ్రీ ఇంత వెడల్పు మీద రెండో చివరికి వచ్చేసరికి 22 మిల్లీమీటర్ల తేడా అవుతుంది. మనం వదిలిన ఖాళీ మొత్తం మింగేస్తుంది. అందుకే ఇలా రాశాను:

"పై వాలు ప్రతి 300 అడ్డానికి 100 దిగాలి. డిగ్రీలతో పెట్టుకోవద్దు. వార్డ్‌రోబు ఐదు విడి బాక్సులు, ఒక్కొక్కటి 468 వెడల్పు, మొత్తం 2340. రెండు పక్కలా గోడకూ బాక్సుకూ మధ్య 30 చొప్పున ఖాళీ. ఎడమ నుంచి కుడికి బాక్సుల అంచులు వచ్చే ఆరు చోట్ల పై గీత ఎత్తులు: 2665, 2509, 2353, 2197, 2041, 1885. ఒక్కో బాక్సుకు 156 దిగుతుంది. ఈ ఎత్తుల్లో కింది పీఠం 100 కలిసే ఉంది. లోతు తలుపు కాకుండా 580."

ఎత్తులు ఇలా ఆరు చోట్ల విడివిడిగా ఇస్తే కోణం అడగాల్సిన పనే లేదు. ఒక పలక ఎడమ అంచున ఒక గుర్తు, కుడి అంచున 156 కింద ఇంకో గుర్తు, రెండూ కలిపితే వాలు వచ్చేసినట్టే. ఒక బాక్సులో చిన్న తప్పు జరిగినా అది పక్క బాక్సుకు పాకదు.

వెడల్పు విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే. గోడ నుంచి గోడకు నేల దగ్గర 2408, మట్టం గీత దగ్గర 2404, పైన 1800 ఎత్తులో 2400 వచ్చింది. కుడి గోడ పైకి పోయేకొద్దీ లోపలికి వాలిందన్నమాట. లెక్కలోకి తీసుకోవాల్సింది చిన్న అంకెనే. గుండు వేలాడదీస్తే గోడ ఎంత వాలిందో తెలుస్తుంది, కానీ మనకు కావలసింది ఇరుకైన చోటు ఎంతన్నదే.

ఈ ఎత్తులు చూడగానే అనుభవం ఉన్న వడ్రంగి ముందు ప్లైవుడ్డు షీటు గురించి ఆలోచిస్తాడు. మార్కెట్లో మామూలుగా దొరికే షీటు ఎనిమిది అడుగులు నాలుగు అడుగులు, అంటే 2440కి 1220. పీఠం తీసేస్తే మొదటి బాక్సు ఎడమ పలక 2565 కావాలి. షీటులో రాదు. రెండో అంచు 2409, అది వస్తుంది. కాబట్టి మొదటి బాక్సును రెండుగా చేయమని రాశాను. కింద 2100 వరకు ఒక బాక్సు, దాని నెత్తిన వాలు పైభాగంతో చిన్న అటక బాక్సు, దేని తలుపు దానికే. మిగిలిన నాలుగూ ఒకే ముక్క. ఈ మాట ముందే రాయకపోతే పలకను మధ్యలో అతికి కొలత తెస్తారు. ఆ అతుకు నిలువు పలకలో పడితే, తలుపు బరువు మోసే చోటే బలహీనపడుతుంది.

ఇక ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం తలుపుల గురించి:

"ఐదు బాక్సులకూ ఒక్కో తలుపే. హింజులన్నీ ఎడమ వైపే, అంటే ఎత్తు ఎక్కువున్న అంచుకే రావాలి. జంట తలుపులు ఎక్కడా వద్దు."

వార్డ్‌రోబు అనగానే మధ్యలో కలిసే జంట తలుపులు మన అలవాటు. ఎడమ తలుపు ఎడమ అంచుకు, కుడి తలుపు కుడి అంచుకు వేలాడతాయి. ఏటవాలు కింద ఆ కుడి తలుపు తెరుచుకోదు. ఎందుకో కాస్త నెమ్మదిగా చూడాలి. తలుపు తెరిచినప్పుడు అది హింజు ఉన్న గీత మీదికి తిరిగి, గోడకు అడ్డంగా గదిలోకి నిలబడుతుంది. అంటే తలుపు మొత్తం హింజు ఉన్నచోటి కప్పు కిందికి వచ్చి చేరుతుంది. హింజు పొట్టి అంచున ఉంటే, పొడుగు అంచు తిరిగి తిరిగి పొట్టి కప్పు కిందికి రావాలి. మన తలుపు వెడల్పు దాదాపు 465. దాని రెండు అంచుల ఎత్తుకూ మధ్య తేడా 155. పైన ఉన్న ఖాళీ ఎక్కడా 30 కూడా లేదు. లెక్క వేస్తే తలుపు మూడో వంతు తెరుచుకునేసరికి దాని పై మూల శ్లాబుకు తగులుతుంది. అదే హింజు ఎత్తు అంచున ఉంటే, తలుపు తెరిచేకొద్దీ పొట్టి అంచు ఎత్తయిన కప్పు కిందికి జరుగుతుంది. దానికి అడ్డమే ఉండదు.

కప్పు ఏటవాలుగా ఉన్న గదుల్లో చేసిన వార్డ్‌రోబుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. తలుపులు మూసి ఉన్నప్పుడు ఎంతో అందంగా ఉంటాయి. ఒకటి తెరిస్తే సగంలో ఆగుతుంది. అప్పుడు తలుపు పై మూల కోసేసి, లోపలి గుడ్డలు కనిపించేలా వదిలేస్తారు. లేదా మొత్తం తలుపు పొట్టిది చేసి, పైన వెడల్పాటి పలక బిగిస్తారు. ముందుగా ఒక అట్ట ముక్కను తలుపు ఆకారంలో కత్తిరించి, గది చిన్న నమూనాలో తిప్పి చూసినా ఈ సంగతి నిమిషంలో తెలిసిపోతుంది.

తలుపులన్నీ ఒకే వైపు వేలాడాలంటే ప్రతి తలుపుకూ ఎడమ పక్కన గట్టి నిలువు పలక ఉండాలి. ఐదు విడి బాక్సులు పెట్టింది అందుకే. పక్కపక్క బాక్సుల పలకలు జంటగా పడి ప్లైవుడ్డు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చుకు బదులు తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, బాక్సును మెట్ల మీదుగా మేడ ఎక్కించడమూ తేలిక. పొడవాటి తలుపులకు హింజులు మూడు సరిపోవని కూడా రాశాను. రెండు మీటర్లు దాటిన తలుపుకు ఐదు, మిగిలిన వాటికి నాలుగు.

పై పలక దగ్గర ఇంకో మెలిక ఉంది. బాక్సు అడ్డంగా 468 అయితే దాని నెత్తిన వాలుగా కూర్చునే పలక 468 కాదు, 493. వాలు వెంబడి కొలిస్తే దూరం పెరుగుతుంది కదా. కట్టింగు లిస్టులో అలవాటుగా అడుగు పలకకూ పై పలకకూ ఒకే కొలత రాసేస్తే ఐదు పై పలకలూ అంగుళం పొట్టిగా వస్తాయి. ఉత్తరంలో ఆ అంకె విడిగా రాసి కింద గీత గీశాను.

పీఠం గురించి రాసిన మాటకు మా మేస్త్రి గారు కాసేపు ఆగారు. "పీఠం బాక్సులకు కలిపి చేయొద్దు, విడిగా చేసి ముందు నేల మీద మట్టం చేసి పెట్టండి, దాని మీద బాక్సులు ఎక్కించండి" అని రాశాను. "కలిపి చేస్తే పని తొందరగా అవుద్ది కదండీ" అన్నారాయన. నేల 6 దిగింది కాబట్టి పీఠం కుడి వైపు 106 ఉండాలి, అది ఒక కారణం. అసలు కారణం బాక్సును నిలబెట్టడంలో ఉంది. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన బాక్సును లేపి నిలబెడుతున్నప్పుడు, దాని పై ముందు మూల మధ్యలో ఒకచోట నిలువు ఎత్తు కంటే పైకి వెళ్ళి మళ్ళీ కిందికి వస్తుంది. ఎంత పైకి వెళ్తుందంటే, బాక్సు పక్క పలక మూల నుంచి మూలకు ఉన్న దూరమంత. చివరి బాక్సు కుడి పలక పీఠం లేకుండా 1785. లోతు 580తో కలిపి మూల కొలత 1877 వస్తుంది. అక్కడ కప్పు 1910 దాకా ఉంది, అంగుళానికి పైగా వెసులుబాటుతో లేస్తుంది. పీఠం కలిపితే పలక 1885, మూల కొలత 1972. కప్పుకు తగిలి బాక్సు సగంలో వంగి నిలబడిపోతుంది. ఈ లెక్క చెప్పాక ఆయన టేపు తీసి పలక లోతూ ఎత్తూ గోడ మీదే గీసి, మూల నుంచి మూలకు కొలిచి చూసుకున్నారు. ఆ తర్వాత మారుమాట్లాడలేదు. చదును కప్పు గదుల్లోనూ ఇదే సూత్రం. ఇక్కడ ప్రతి బాక్సుకూ విడిగా చూసుకోవాలి, అంతే.

కొలతలు ఇచ్చినంత మాత్రాన ఉత్తరం పూర్తి కాదు. ఏ కొలతలో ఎంత తేడా రావచ్చో కూడా చెప్పాలి. ఏ మేస్త్రి అయినా అన్నీ అచ్చంగా రావాలంటే నవ్వుతాడు. దేన్నీ పట్టించుకోకపోతే మనం ఏడవాలి. ఎక్కడ బిగువుగా ఉండాలో, ఎక్కడ వదులుగా ఉన్నా ఫరవాలేదో విడదీసి రాస్తే ఆయన శ్రద్ధ సరైన చోట పడుతుంది. నేను రాసింది ఇది:

"బాక్సు వెడల్పు 468. ఒక మిల్లీమీటరు తగ్గవచ్చు, పెరగకూడదు. ఎత్తు 3 దాకా తగ్గవచ్చు, పెరగకూడదు. లోతు 3 అటూ ఇటూ అయినా సరే. తలుపుల మధ్య సందు 3. అది 2 నుంచి 4 లోపు ఉండాలి, కానీ ఒకే సందు పైన ఒకలా కింద ఒకలా ఉండకూడదు. ఈ కొలతలన్నీ సన్మైకా అంటించాక రావాల్సినవి."

పెరగకూడదని వెడల్పుకూ ఎత్తుకూ మాత్రమే రాయడానికి కారణం తేలిక. గోడ జరగదు, కప్పు లేవదు. తగ్గితే పట్టీ కప్పేస్తుంది, పెరిగితే ఏమీ చేయలేం. వెడల్పులో ఒక్క మిల్లీమీటరే వదలడానికి కారణం ఐదు బాక్సులు వరుసగా కూర్చోవడం. ఒక్కొక్కటి 3 తేడా పడితే చివరికి 15 అవుతుంది. అప్పుడు ఆఖరి బాక్సు తాను నిలవాల్సిన చోటు దాటి జరుగుతుంది. జరిగిన ప్రతి మూడు మిల్లీమీటర్లకూ పైన ఖాళీ ఒక మిల్లీమీటరు మారుతుంది. చదును కప్పు కింద బాక్సు పక్కకు జరిగితే జరిగింది, ఎత్తుకు ఏమీ కాదు. వాలు కింద పక్కకు జరగడమూ ఎత్తు మారడమూ ఒకటే.

సన్మైకా మాట మరిచిపోవద్దు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుకు బయట 1, లోపల 0.8 మందం షీటు అంటిస్తే దాదాపు 20 అవుతుంది. పైగా 18 అని అమ్మే ప్లైవుడ్డు అన్నిసార్లూ 18 ఉండదు, కొంచెం తక్కువే వస్తుంది. అందుకే సొరుగుల కొలత అంకెగా ఇవ్వలేదు. "బాక్సు బిగించాక లోపలి వెడల్పు కొలిచి, అందులోంచి 26 తీసేసి సొరుగు చేయండి" అని రాశాను. రెండు పక్కలా టెలిస్కోపిక్ ఛానెలుకు చెరి 13. ఇక్కడ 2 మిల్లీమీటర్లు పెరిగితే సొరుగు బిగుసుకుంటుంది, తగ్గితే ఛానెలు గుండ్లు లోలోపల అరుగుతాయి. మొత్తం వార్డ్‌రోబులో అన్నిటికన్నా బిగువైన కొలత ఇదే.

బాక్సు మూలమట్టంగా ఉందో లేదో చూడటానికి వడ్రంగులు ఎదురెదురు మూలలు కొలుస్తారు. రెండూ సమానమైతే సరి. మన బాక్సుకు ఆ పరీక్ష చెల్లదు. పైభాగం వాలు కాబట్టి బాక్సు అచ్చంగా ఉన్నా ఆ రెండు కొలతలూ సమానం కావు. "రెండు నిలువు పలకల మీదా అడుగు నుంచి 1700 దగ్గర గుర్తు పెట్టి, ఆ గుర్తుల నుంచి ఎదురు అడుగు మూలలకు కొలవండి. రెండూ 2 లోపు తేడాతో 1763 రావాలి" అని రాశాను. వాలును వదిలేసి, దాని కింద ఉన్న దీర్ఘచతురస్రాన్ని పరీక్షిస్తున్నామన్నమాట. ఈ పరీక్ష షాపులోనే చేయాలి. మేడ ఎక్కించాక తెలిసి లాభం లేదు.

ఇక పైన మిగిలిన 15 నుంచి 28 మిల్లీమీటర్ల ఖాళీ. దాన్ని సిమెంటుతోనో పీవోపీతోనో నింపేద్దామని ఎవరో ఒకరు అంటారు. నింపొద్దు. పైనున్నది ఎండలో కాలే శ్లాబు. పగలు వేడికి పెరిగి రాత్రికి తగ్గుతుంది. చెక్క వానాకాలం తేమ తాగి ఉబ్బి, ఎండాకాలం ముడుచుకుంటుంది. రెండిటినీ గట్టిగా కలిపితే ఆ అతుకు వెంట బీట తప్పదు. శ్లాబులో ఎక్కడైనా చెమ్మ ఉంటే నేరుగా ప్లైవుడ్డు అంచులోకి దిగుతుంది. వెనక గోడ బయటి గోడ అయితే అక్కడ కూడా వేలెడు ఖాళీ ఉంచడం మంచిది. ప్లైవుడ్డు ఐఎస్ 710 గుర్తున్నది తీసుకున్నా, కోసిన అంచులు తెరిచి వదిలితే తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది. "గోడకూ కప్పుకూ ఎదురయ్యే ప్రతి కోత అంచుకూ ప్రైమరు రెండు పూతలు వేయండి" అన్నది ఉత్తరంలో చిన్న వాక్యమే అయినా, కొన్నేళ్ళకు దాని విలువ తెలుస్తుంది.

ఖాళీని మూసే పట్టీ 60 వెడల్పుతో తెచ్చి, కప్పు ఎలా ఉందో అలా చెక్కి బిగించాలి. ఈ పని చూడముచ్చటగా ఉంటుంది. పట్టీని కప్పుకు ఆనేదాకా ఎత్తి, బాక్సుల వాలుకు సమంగా పట్టుకుంటారు. మధ్యలో పొట్ట దగ్గర పట్టీ కప్పుకు తగులుతుంది, చివరల్లో వెలుతురు కనిపిస్తుంది. ఆ వెలుతురు ఎక్కువగా ఉన్నచోట ఎంతుందో కొలిచి, అంత మందం ఉన్న చెక్క ముక్కకు పెన్సిలు ఆనించి, ముక్కను కప్పు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు జరుపుతారు. కప్పులో ఉన్న ప్రతి ఒంపూ పట్టీ మీద గీతగా దిగుతుంది. ఆ గీత దాకా చిత్రిక పట్టి, బాక్సుల ముందు అంచుకు కాస్త లోపలగా మేకు బద్ద మీద బిగిస్తే పట్టీకీ కప్పుకూ మధ్య దారమంత సందు మాత్రమే మిగులుతుంది. దాన్ని రంగు వేయడానికి వీలున్న మెత్తటి సీలెంటుతో మూయవచ్చు, అది శ్లాబుతో పాటు సాగుతుంది. పట్టీ పైనున్నది పొట్ట అని మనం చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

పక్క గోడల దగ్గరున్న 30 ఖాళీలకూ ఇదే పద్ధతి. ఎడమ వైపు ఆ 30 ఇంకో పని కూడా చేస్తుంది. మొదటి తలుపు హింజు గోడకు మరీ దగ్గరైతే తలుపు పూర్తిగా తెరుచుకోక, పిడి గోడకు గీసుకుంటుంది.

ఉత్తరం చివర్లో ఈ మాటలు రాశాను: "కోసే ముందు మీరొకసారి వచ్చి ఈ తొమ్మిది చోట్లా కొలవండి. నా అంకెకూ మీ అంకెకూ 3 కన్నా ఎక్కువ తేడా వస్తే కోత ఆపి చెప్పండి. ముందు ఒక్క బాక్సు, ఐదోది, చేసి తెచ్చి నిలబెట్టి చూద్దాం. అది సరిపోతే మిగిలినవి కోయండి." ఐదో బాక్సునే ఎంచుకోవడానికి కారణం అది అన్నిటికన్నా ఇరుకైన చోట ఉండటం. కప్పు తక్కువ, గోడ వాలినది, నేల దిగినది అన్నీ ఆ మూలలోనే ఉన్నాయి. అక్కడ పట్టింది మిగిలినచోట్ల పడుతుంది.

మేస్త్రి గారు వచ్చి కొలిచారు. ఎనిమిది చోట్ల నా అంకెతోనే కలిసింది. 900 దగ్గర మాత్రం నేను 2392 రాస్తే ఆయనకు 2388 వచ్చింది. ఇద్దరం మళ్ళీ చూస్తే అక్కడ ఫ్యాను తీగ పైపు మూసిన సిమెంటు గడ్డ ఒకటి, వేలు తగిలితే తప్ప తెలియనంత చిన్నది, ఉంది. గడ్డను చెక్కించాలా, గీతను దించాలా అని అడిగారు. అక్కడ లెక్క ప్రకారం ఇంకా 13 ఖాళీ ఉంది కాబట్టి రెండూ అక్కర్లేదు. పట్టీ ఆ గడ్డ చుట్టూ చెక్కితే చాలు. ఆయన నా ఉత్తరంలోనే ఆ అంకె కొట్టేసి తన అంకె రాసి, పక్కన తేదీ వేసి, ఒక ఫోటో తీసుకుని వెళ్ళారు. షాపులో రంపం దగ్గర గోడకు అంటించింది ఆ దిద్దిన కాగితాన్నే.